జీడిపప్పులో రెండు కిలోల తేడా
(సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మేం ఆమదాలవలసలో చిన్న దుకాణం నడుపుతున్నాం. పది మందిమి కలిసి బ్యాంకు లింకేజీ అప్పుతో పెట్టుకున్నది. పప్పులు, నూనె, బెల్లం, సబ్బులు, పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు చీరలు కొన్ని ఉంటాయి. దుకాణం ఎలా పెట్టాం, ఎంత కష్టపడ్డాం అని చెప్పడానికి మేం ఇక్కడ నిలబడలేదు. సరుకు లెక్క సరిగా రాయక మాలో మేం ఒక చెల్లిని అనుమానించాం. ఆ తప్పు, దాని నుంచి నేర్చుకున్న లెక్క, రెండూ చెబుదామని వచ్చాం. మా చదువులు పదో తరగతి దాటలేదు కాబట్టి మాకు అర్థమైన మాటల్లోనే చెబుతాం.

మొదటి ఏడాది మార్చి 31న లెక్క చూసుకున్నాం. ఏడాదిలో కొన్న సరుకు 4,20,000 రూపాయలు. దుకాణం కొత్తది కాబట్టి మొదట నిల్వ ఏమీ లేదు. ఆ రోజు షాపులో మిగిలిన సరుకు తూచి, లెక్కపెట్టి, కొన్న ధర కడితే 38,000 అయింది. 4,20,000 లోంచి 38,000 తీసేస్తే 3,82,000. అంటే ఏడాదిలో మేం అమ్మిన సరుకు మాకు పడిన ఖరీదు 3,82,000 అన్నమాట. అమ్మకాల మీద వచ్చిన డబ్బు 4,10,000. మిగిలింది 28,000.

మేం సరాసరిన వంద రూపాయల సరుకు మీద 12 రూపాయలు వేసి అమ్ముతున్నాం. ఆ లెక్కన 3,82,000 మీద దాదాపు 46 వేలు మిగలాలి. అంటే 18 వేల దాకా తక్కువ వచ్చింది. ఆ మీటింగులో ఒకావిడ నెమ్మదిగా అంది: "ఏటమ్మా, సరుకేటైపోయినట్టు? కౌంటర్లో కూర్చున్నోళ్లకే తెలియాల." రోజూ కౌంటర్లో కూర్చునేది ఒకే చెల్లి. ఆ మాటకి మేం ఎవరం అడ్డు చెప్పలేదు. ఆ చెల్లి కూడా ఏమీ అనలేదు. తర్వాత రెండు మీటింగులకి రాలేదు.

ఆ చెల్లి తీసిందని చూపించడానికి మా పుస్తకంలో ఏమీ లేదు. తీయలేదని చూపించడానికీ ఏమీ లేదు. అప్పుడు మాకు తెలిసింది, తప్పు మేం లెక్క రాసే పద్ధతిలోనే ఉందని.

మేం ముందు రాసిన పద్ధతి ఏమిటో ఇంట్లో బియ్యం డబ్బాతో చెబుతాం. నెల మొదట డబ్బాలో 10 కిలోలు ఉన్నాయి. మధ్యలో 25 కిలోల బస్తా తెచ్చాం. నెలాఖరుకి 7 కిలోలు మిగిలాయి. అయితే 28 కిలోలు తిన్నామంటాం. కానీ నిజంగా 28 కిలోలు తిన్నామా? పక్కింటి వదిన రెండు సోలలు బదులు పట్టుకెళ్లి ఉండొచ్చు, ఎలుకలు బస్తా కొరికి ఉండొచ్చు. డబ్బాలో లేనిదల్లా మన లెక్కలో "తిన్నది" కిందకే పోతుంది.

దుకాణంలో కూడా అంతే. మొదట ఉన్న నిల్వకి కొన్నది కలిపి, ఆఖర్న మిగిలింది తీసేస్తే వచ్చేది అమ్మిన సరుకు ఖరీదు. రోజూ ఏ సరుకు ఎంత పోయిందో రాయనక్కర్లేదు. నెలకో, ఏడాదికో ఒకసారి నిల్వ లెక్కపెడితే చాలు. అకౌంట్లు చదివినవాళ్లు దీన్ని పీరియాడిక్ పద్ధతి అంటారు, మేం గడువు లెక్క అంటున్నాం. పని తక్కువ, పుస్తకం చిన్నది. కానీ పోయిన సరుకు, పాడైన సరుకు, ఎక్కువ తూగిన సరుకు అన్నీ "అమ్మిన సరుకు" అన్న ఒక్క అంకెలో కలిసిపోతాయి. విడదీయడానికి దారి ఉండదు.

రెండో పద్ధతిని పెర్పెచ్యువల్ అంటారు. మేం రోజువారీ లెక్క అంటున్నాం. ఇందులో ఒక్కో సరుక్కి ఒక్కో కార్డు ఉంటుంది. సరుకు వచ్చినప్పుడు వచ్చినట్టు, బిల్లు అయినప్పుడు పోయినట్టు రాస్తాం. ప్రతి అమ్మకానికీ ఆ సరుకు మనకు ఎంతకు పడిందో అప్పుడే రాసుకుంటాం. కాబట్టి అమ్మిన సరుకు ఖరీదు ఏ రోజు కావాలంటే ఆ రోజు తెలుస్తుంది. షాపులో ఎంత మిగిలి ఉండాలో కూడా కార్డే చెబుతుంది.

ఈ ఏడాది జనవరిలో ఒక్క జీడిపప్పుకి మాత్రం కార్డు పెట్టి చూశాం. అదే సరుకుని గడువు లెక్కలో కూడా వేసి, రెండూ పక్కపక్కన పెట్టుకున్నాం. అంకెలు నెమ్మదిగా చెబుతాం, కావాలంటే రాసుకోండి.

జీడిపప్పు పలాస నుంచి పది కిలోల డబ్బాల్లో తెస్తాం. రైలు ఛార్జీ, కూలి కూడా కలిపితేనే మాకు పడిన ధర. దాన్ని షాపులో పావు కిలో ప్యాకెట్లు కట్టి, ప్యాకెట్ 215 రూపాయలకు అమ్మాం. కిలోకి నాలుగు ప్యాకెట్లు.

జనవరి 1న మా దగ్గర 10 కిలోలు ఉన్నాయి, కిలో 700 లెక్కన 7,000. 3వ తేదీన ఇంకో 10 కిలోలు 720 లెక్కన తెచ్చాం, 7,200. పండగ అమ్మకం చూసి 11వ తేదీన 20 కిలోలు తెచ్చాం. అప్పటికి ధర పెరిగి 740 అయింది, 14,800. మొత్తం 40 కిలోలు, 29,000 రూపాయలు. నెలాఖరున కాటా మీద పెడితే షాపులో 6 కిలోలు మిగిలాయి. బిల్లుల ప్రకారం అమ్మింది 128 ప్యాకెట్లు, వచ్చిన డబ్బు 27,520.

ముందు గడువు లెక్క. 29,000 ని 40 కిలోలకు పంచితే సరాసరి కిలో 725. మిగిలిన 6 కిలోల విలువ 4,350. 29,000 లోంచి 4,350 తీస్తే 24,650. ఇదే అమ్మిన సరుకు ఖరీదు. వచ్చిన డబ్బు 27,520 లోంచి ఇది తీసేస్తే మిగులు 2,870. లెక్క అక్కడితో ఐపోయింది. చూడ్డానికి బాగానే ఉంది, లాభమే కదా అనిపిస్తుంది.

ఇప్పుడు రోజువారీ కార్డు. ఇందులో కొత్త సరుకు వచ్చినప్పుడల్లా సరాసరి ధర మళ్లీ కట్టాలి. అమ్మినప్పుడు ఆ రోజుకి ఉన్న సరాసరితో తీసేయాలి. మా కార్డు ఇది:

జనవరి 1: నిల్వ 10 కిలోలు, విలువ 7,000. సరాసరి 700.
జనవరి 3: వచ్చింది 10 కిలోలు, 7,200. నిల్వ 20 కిలోలు, విలువ 14,200. సరాసరి 710.
జనవరి 4 నుంచి 10 వరకు: అమ్మింది 40 ప్యాకెట్లు, అంటే 10 కిలోలు. 710 లెక్కన ఖరీదు 7,100. నిల్వ 10 కిలోలు, విలువ 7,100.
జనవరి 11: వచ్చింది 20 కిలోలు, 14,800. నిల్వ 30 కిలోలు, విలువ 21,900. సరాసరి 730.
జనవరి 11 నుంచి 31 వరకు: అమ్మింది 88 ప్యాకెట్లు, అంటే 22 కిలోలు. 730 లెక్కన ఖరీదు 16,060. నిల్వ 8 కిలోలు, విలువ 5,840.

కార్డులో అమ్మకాలు రోజుకో గీతగా ఉన్నాయి, ఇక్కడ మీకోసం కలిపి చెప్పాం. అమ్మిన సరుకు ఖరీదు 7,100, 16,060 కలిపి 23,160. మిగులు 4,360.

కానీ చివరి గీత చూడండి. కార్డు ప్రకారం షాపులో 8 కిలోలు ఉండాలి. కాటా మీద తూగింది 6 కిలోలు. రెండు కిలోలు లేవు. 730 లెక్కన 1,460 రూపాయలు. ఈ 1,460 ని "తరుగు" అని వేరే గీతగా రాశాం. మిగులు 4,360 లోంచి అది తీసేస్తే 2,900.

గడువు లెక్కలో మిగులు 2,870, రోజువారీ లెక్కలో తరుగు పోను 2,900. ఈ 30 రూపాయల తేడా ఎందుకంటే, గడువు లెక్క నెల మొత్తానికి ఒకే సరాసరి కట్టింది, 725. కార్డేమో మొదట అమ్మినవాటిని 710కి, తర్వాతవాటిని 730కి తీసింది. అందుకే మిగిలిన సరుకు విలువ ఒకచోట 4,350, ఇంకోచోట 4,380 అయింది. ఇది తప్పు కాదు, పద్ధతుల మధ్య ఉండే తేడా. దీనికి ఎవరూ కంగారు పడక్కర్లేదు. ఒక ఏడాది ఒక పద్ధతి, ఇంకో ఏడాది ఇంకో పద్ధతి మార్చి మార్చి రాయకుండా ఉంటే చాలు.

చూడాల్సింది ఆ రెండు కిలోలనే. గడువు లెక్కలో కూడా ఆ రెండు కిలోలు పోయాయి. కానీ 24,650 లోపల కలిసిపోయి కనబడలేదు. మేం నిజంగా అమ్మింది 32 కిలోలే అయినా, ఆ లెక్క 34 కిలోలు అమ్మినట్టు చూపించింది. కార్డు ఉండబట్టే "ఇంత సరుకు డబ్బు తేకుండా పోయింది" అని తెలిసింది.

ఎలా పోయిందో మాత్రం కార్డు చెప్పదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎంత ఉండాలో కార్డు చెబుతుంది, ఎంత ఉందో కాటాయే చెబుతుంది, ఎందుకు తగ్గిందో మనమే వెతకాలి. మేం ముందు బిల్లు పుస్తకం పట్టుకున్నాం. బిల్లు అయి కార్డులో ఎక్కనివి ఉన్నాయేమో చూశాం, లేవు. అరువు పుస్తకం చూశాం. అరువిచ్చినవన్నీ బిల్లుల్లో ఉన్నాయి. డబ్బాలో డబ్బు, అరువు కలిపితే బిల్లులకి పైసాతో సరిపోయింది. ఇంక మిగిలినవి రెండే దారులు. ఎవరైనా బిల్లు లేకుండా సరుకు తీసి ఉండాలి, లేదా బిల్లు రాసినదానికంటే ఎక్కువ సరుకు వెళ్లి ఉండాలి. కార్డు మీద ఈ రెండూ ఒకేలా కనబడతాయి.

అప్పుడు ఒకావిడ, షాపులో ఇంకా అమ్మని ప్యాకెట్లు తూచి చూద్దామంది. పది ప్యాకెట్లు కాటా మీద ఒక్కొక్కటే పెట్టాం. కవరు బరువు తీసేస్తే పావు కిలో అంటే 250 గ్రాములుండాలి. ఒక్కటీ 250 లేదు. 263, 266, 265 ఇలా ఉన్నాయి. సరాసరిన ప్యాకెట్‌కి 15 గ్రాములు ఎక్కువ. 128 ప్యాకెట్లకి కట్టి చూడండి: 1,920 గ్రాములు. మా రెండు కిలోల్లో దాదాపు మొత్తం అక్కడే దొరికింది. మిగిలిన కొంచెం ముక్కలూ పొడీ అయి ఉంటుంది.

ఆ ప్యాకెట్లు కట్టింది ఎవరు? కౌంటర్లో కూర్చునే చెల్లి కాదు. వంతులేసుకుని మేమందరం కట్టాం. తూకం తగ్గితే సంఘం పేరు పోతుందని, కాటా ముల్లు కాస్త అవతలికి వాలేదాకా నాలుగు గుళ్లు వేశాం. పండగ పూట కొసరు వేస్తే పోయేదేముంది అనుకున్నాం. పోయేదెంతో కట్టి చూస్తే తెలిసింది. కిలో 730 లెక్కన ప్యాకెట్‌లో మా సరుకు ఖరీదు 182 రూపాయల 50 పైసలు. 215 కి అమ్మితే 32 రూపాయల 50 పైసలు మిగలాలి. 15 గ్రాముల కొసరు దాదాపు 11 రూపాయలు. అంటే ప్రతి ప్యాకెట్ మీద మా మిగులులో మూడో వంతు కొసరులోనే ఇచ్చేశాం.

ఇప్పుడు గ్రాములు చూపించే ఎలక్ట్రానిక్ కాటా వాడుతున్నాం. ఖాళీ కవరు పెట్టి సున్నా చేసి, 250 దగ్గర ఆపుతాం. ఫిబ్రవరిలో 60 ప్యాకెట్లు అమ్మాం, కార్డుకీ కాటాకీ తేడా 100 గ్రాములు కూడా రాలేదు. కొసరు ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు, తప్పు లేదు. ఎంతిస్తున్నామో కార్డులో రాసి ఇవ్వాలి, అంతే.

మరి మొదటి ఏడాది 18 వేల మాటేమిటి అని మీరు అడగొచ్చు. అదే మా బాధ. అది కొసరో, పాడైన సరుకో, మేం అనుకున్న 12 రూపాయలు కొన్ని సరుకుల మీద పడనే లేదో, ఇప్పటికీ చెప్పలేం. గడువు లెక్కతో ఒకసారి ఏడాది మూసేశాక వెనక్కి వెళ్లి వెతకడానికి గీతలు ఉండవు. జీడిపప్పు దొరికాక ఆ చెల్లి ఇంటికి పది మందిమీ వెళ్లాం. "మా చేతుల్లోంచి పోయినదానికి నీ మొహం చూశాం, తప్పు మాది" అని చెప్పాం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరు అన్న మాటకంటే, నా దగ్గర చూపించడానికి కాయితం లేకపోవడమే ఎక్కువ బాధేసింది" అంది. మళ్లీ కౌంటర్లోకి వచ్చింది. ఇప్పుడు కార్డులు రాసేది ఆవిడే.

అలాగని గడువు లెక్క పనికిరాదని మేం అనం. దాన్ని వాడేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటి ఉంది, ఆఖరి నిల్వ. ఆ ఒక్క అంకె తప్పితే లాభం మొత్తం తప్పుతుంది. మా జనవరి లెక్కే తీసుకోండి. మిగిలిన 6 కిలోల్లో 4 కిలోలు అటక మీద డబ్బాలో ఉండి, మేం చూడకుండా 2 కిలోలే రాశామనుకోండి. నిల్వ విలువ 1,450 అవుతుంది. అమ్మిన సరుకు ఖరీదు 27,550 అవుతుంది. 27,520 కి అమ్మాం కాబట్టి 30 రూపాయల నష్టం! నిజంగా 2,870 మిగిలిన నెల నష్టం చూపిస్తుంది. వచ్చే నెల ఆ డబ్బా దొరికి అమ్ముడైతే, ఖరీదు లేని సరుకు అమ్మినట్టు 2,900 ఎక్కువ లాభం వస్తుంది. ఒక నెల ఏడుపు, మరుసటి నెల సంబరం, రెండూ అబద్ధమే. అలా ఒక నెల బాగా తగ్గి వెంటనే మరుసటి నెల బాగా పెరిగితే, నిల్వ లెక్కపెట్టడంలో పొరపాటు ఉందేమోనని ముందు చూడాలి.

ఇంకో పొరపాటు మేమే చేశాం. ఒకసారి మిగిలిన సరుక్కి అమ్మే ధర కట్టాం. 6 కిలోలకి అమ్మే ధర, కిలో 860 లెక్కన, 5,160 అవుతుంది. కొన్న ధరకంటే 810 ఎక్కువ. ఇంకా అమ్మని సరుకు మీద లాభం ముందే రాసేసుకున్నట్టు. మిగిలిన సరుక్కి ఎప్పుడూ మనకు పడిన ధరే కట్టాలి. పురుగు పట్టి, ముక్కైపోయి, పడిన ధర కూడా రాదనుకుంటే వచ్చేంతే కట్టాలి.

ఇప్పుడు మా షాపులో రెండు పద్ధతులూ ఉన్నాయి. ఉప్పు, బిస్కెట్లు, అగ్గిపెట్టెలు, చిన్న సబ్బులకి కార్డు రాస్తూ కూర్చుంటే సరుకు లాభం కంటే రాత పనే ఎక్కువ. వాటికి నెలకోసారి లెక్కపెట్టి గడువు లెక్కే. జీడిపప్పు, నూనె డబ్బాలు, కందిపప్పు బస్తాలకి కార్డు. పొందూరు చీరలకైతే సరాసరి కూడా అక్కర్లేదు. ఏ చీర ధర ఆ చీరదే. ప్రతి చీరకీ పడిన ధర రాసిన చీటీ కట్టి ఉంచుతాం. అమ్ముడయ్యాక చీటీ తీసి పుస్తకంలో అతికిస్తాం. చీటీల మొత్తమే అమ్మిన చీరల ఖరీదు. మిగిలిన చీరలు లెక్కపెడితే, చీటీలు లేనివి ఎన్నో వెంటనే తెలుస్తుంది.

కార్డు ఉంది కదా అని తూచడం మానకూడదు. కార్డు ఉన్న సరుకుని ప్రతి సోమవారం పొద్దున్న షాపు తీయకముందు ఇద్దరం తూస్తాం. కౌంటర్లో కూర్చున్న మనిషి కాకుండా ఇంకొకరు కాటా దగ్గర ఉంటారు. ఆమెని నమ్మక కాదు. రేపు తేడా వస్తే ఆమె పక్కన సాక్ష్యం చెప్పడానికి ఒక మనిషి, ఒక సంతకం ఉండాలని. తేడా ఉంటే ఆ వారంలోనే వెతుకుతాం. వారం లోపల బిల్లులు ఇంకా చేతిలో ఉంటాయి, ఎవరు ఏ రోజు ఏం చేశారో గుర్తుంటుంది. ఏడాది దాటాక అడిగితే ఎవరికి మాత్రం గుర్తుంటుంది?

దుకాణం నడుపుతున్న సంఘాలు ఇంటికెళ్లాక ఒక్క సరుక్కి, బాగా ఖరీదైనదీ, విడిగా తూచి అమ్మేదీ చూసుకుని, ఒక నెల కార్డు పెట్టి చూడండి. నెలాఖరున కార్డులో అంకె, కాటా మీద అంకె పక్కపక్కన రాయండి. తేడా వస్తే మనుషుల మొహాలు చూసేముందు ప్యాకెట్లు తూచండి.

మా కార్డు నమూనా రిపోర్టు బల్ల దగ్గర పెట్టాం. కావలసినవాళ్లు చూసి గీతలు దించుకోవచ్చు.